మూడు పేటల త్రాడు గురించి సుధీర్‌కు, ఎస్తేరుకు

అంబాజీపేట

ప్రియమైన సుధీర్ బాబుకు, ఎస్తేరమ్మకు,

ప్రభువైన యేసుక్రీస్తు నామంలో మీకు శుభములు.

మీ పెళ్లిలో నేను చదివిన "మూడు పేటల త్రాడు త్వరగా తెగిపోదు గదా?" అనే వాక్యాన్ని ఫ్రేము కట్టించి హాల్లో పెట్టుకున్నారని విని సంతోషించాను. మొన్న ఫోన్లో ఎస్తేరమ్మ అడిగింది: "తాతగారూ, మూడో పేట దేవుడని అందరూ అంటారు. ఆ వచనంలో దేవుని పేరే లేదు కదా?" రెండు మాటల్లో తేలేది కాదని ఉత్తరం రాస్తున్నాను.

నువ్వన్నది నిజమే అమ్మా. ప్రసంగి 4వ అధ్యాయంలో ఆ చోట దేవుని పేరూ లేదు, పెళ్లి ఊసూ లేదు. మనం పెళ్లిళ్లలో 12వ వచనం చివరి మాట ఒక్కటే చదువుతాం. మీరు 8వ వచనం దగ్గర మొదలుపెట్టండి. అక్కడ ఒక మనిషి కనబడతాడు. జతగాడు లేడు, కొడుకు లేడు, తోబుట్టువు లేడు. పగలనక రాత్రనక కష్టపడతాడు, ఎంత వచ్చినా తృప్తి లేదు. ఇదంతా ఎవరికోసం అని ఒక్కనాడూ తనను తాను అడగడు. హైదరాబాదులో ఇద్దరూ ఉద్యోగాలు చేస్తూ, ఒకరు ఇంటికొచ్చే వేళకు ఇంకొకరు బయల్దేరుతున్నారు మీరు. ఈ మనిషిని బాగా చూడండి. ఒకే ఇంట్లో ఇద్దరుండి కూడా ఇలా ఒంటరిగా బతకవచ్చు.

అతని తర్వాతే ఇద్దరి మాట వస్తుంది. ఒకరు పడితే ఇంకొకరు లేపుతారు, చలిరాత్రి ఒకరికొకరు వెచ్చదనం, మీదపడేవాణ్ణి ఇద్దరూ కలిసి ఎదిరిస్తారు. దారిన పోయేవాళ్ల కష్టాలు ఇవన్నీ. ఆ తర్వాత "మూడు పేటల త్రాడు త్వరగా తెగిపోదు గదా?" అంటాడు ప్రసంగి. ఒకడు, ఇద్దరు, ముగ్గురు అని మెట్టు మెట్టుగా ఎక్కి వచ్చిన మాట అది. ఇద్దరే మేలైతే ముగ్గురు మరీ మేలు అని ఆనాటివాళ్లు సులువుగా అర్థం చేసుకుని ఉంటారు.

మరి ఆ మూడో పేటను దేవుడని మేమెందుకు చెబుతాం? మిగతా లేఖనాన్ని పక్కన పెట్టుకుని చదువుతాం గనుక. "నరుడు ఒంటరిగా నుండుట మంచిది కాదు" అని ఆదికాండము 2వ అధ్యాయంలో అన్నది దేవుడే. భార్యాభర్తల మధ్య యెహోవా సాక్షిగా ఉన్నాడని మలాకీ 2వ అధ్యాయం చెబుతుంది. ప్రసంగి నోట లేని మాట పెట్టకుండానే, ధైర్యంగా ఆయన్ని మూడో పేట అనవచ్చు.

మా వైపు కొబ్బరి పీచు తాడు పేనడం మీరు ఎప్పుడైనా దగ్గర నిలబడి చూడండి. ముందు ఒక్కో పేటకు విడిగా ఒకవైపు పురి పెడతారు. మూడు పేటలూ చిక్కుపడకుండా మధ్యలో మూడు గాడులున్న కొయ్యముక్క ఉంటుంది. తర్వాత మూడింటినీ కలిపి రెండోవైపుకు పురి తిప్పుతారు. ప్రతి పేటా విడిపోదామని తన్నుకుంటుంది. ఆ తన్నుకోవడమే పక్క పేటల్ని బిగించి పట్టుకుంటుంది. మీ ఇద్దరి స్వభావాలు వేరని ఎస్తేరమ్మ బెంగపడింది. వేరుగానే ఉండండి, దానికి భయపడవద్దు. మూడో పేట మాత్రం మొదటి మూర నుంచీ లోపల పడాలి. తాడు పేనడం అయిపోయాక పైన చుట్టిన పీచు ఏ బరువూ మోయదు. గొడవ ముదిరాక, ఇల్లు కొనేటప్పుడు, బిడ్డ పుట్టినప్పుడు మాత్రమే పిలిచే ప్రార్థన అలాంటిదే.

ఒక మాట గట్టిగా చెబుతాను. దేవుణ్ణి ఒకరిమీదికి ఒకరు ప్రయోగించవద్దు. సుధీర్, ఆమె అలసిపోయి మాట్లాడితే "ప్రార్థన చేసుకో, తగ్గుతుంది" అని పడుకోవద్దు నాయనా. గిన్నెలు తోమి, పక్కన కూర్చుని, తర్వాత ప్రార్థన చెయ్యి. పడినవాణ్ణి లేపే చెయ్యి నీదే అని 10వ వచనం అంటోంది. దేవుడున్నాడు గదా అని ఆ పని ఆయనకు వదిలేయకూడదు. అమ్మా, అతను తప్పుచేస్తే వచనం ఎత్తి చూపకు. నీకు కష్టమైంది ఏమిటో నేరుగా చెప్పు. రెండువైపుల అమ్మానాన్నల్ని గౌరవించండి, కానీ మీ తగువు తీర్చే పని వాళ్లకు అప్పగించవద్దు.

మీ షిఫ్టులు కలవవని తెలుసు. అందుకని పెద్ద నియమం పెట్టను. ఇద్దరూ ఇంట్లో ఉన్న పూట చేతులు పట్టుకుని బయటికి వినబడేలా ప్రార్థించండి, నాలుగు మాటలైనా చాలు. ఇద్దరూ ఒకరికోసం ఒకరు అడగాలి. కోపంతో ఉన్న రోజు నోరు పెగలదు. ఆ రోజు పరలోక ప్రార్థన కలిసి చెప్పుకోండి. "మా ఋణములు క్షమించుము" దగ్గరికి వచ్చేసరికి మీకే తెలుస్తుంది.

ఈ ఆదివారం 8 నుంచి 12 దాకా ఇద్దరూ కలిసి గట్టిగా చదివి, ఇంకేం సందేహం వచ్చినా ఫోన్ చేయండి, సాయంత్రం ఇంట్లోనే ఉంటాను. క్రిస్మస్‌కు వచ్చినప్పుడు మా ఇంటి భోజనం మరచిపోవద్దని మీ మామ్మగారు చెప్పమంది.

ప్రభునందు మీ
యోహాను తాతయ్య