రిస్క్ నివేదిక: కుటుంబ ట్రస్టు పోర్ట్‌ఫోలియో, అనంతపురం (28 మార్చి 2025 నాటికి)

నూనె మిల్లు మిగులు నుంచి ట్రస్టు పెట్టిన పెట్టుబడి ₹1 కోటి: నిఫ్టీ 50 ఇండెక్స్ ఫండ్‌లో 50 లక్షలు, బ్యాంక్ నిఫ్టీ ఫండ్‌లో 30 లక్షలు, గోల్డ్ ఈటీఎఫ్‌లో 20 లక్షలు. ఒక్కరోజు వ్యాల్యూ ఎట్ రిస్క్, అంటే నూటికి 99 రోజులు నష్టం దాటని అంకె, 99 శాతం నమ్మకంతో ₹2 లక్షలు దాటకూడదని ట్రస్టీలు పెట్టుకున్న హద్దు.

| పద్ధతి | 95% | 99% |
|---|---|---|
| హిస్టారికల్ సిమ్యులేషన్ | ₹1,04,000 | ₹1,48,000 |
| పారామెట్రిక్ | ₹1,22,300 | ₹1,73,000 |

రెండూ హద్దులోపలే ఉన్నాయి. అంతమాత్రాన నిశ్చింతగా ఉండొచ్చని మేం అనడం లేదు.

హిస్టారికల్ పద్ధతిలో గత 500 ట్రేడింగ్ రోజుల మార్పులను ఈనాటి పెట్టుబడికి వర్తింపజేసి, లాభనష్టాలను వరసపెట్టాం. కింది నుంచి అయిదో అంకే 99 శాతం విలువ:

```
=-SMALL(F2:F501,5)
```

పారామెట్రిక్‌లో సగటు రాబడిని సున్నాగా తీసుకున్నాం. రోజువారీ సిగ్మా, అంటే రాబడుల ఊగిసలాట కొలత, నిఫ్టీకి 0.85%, బ్యాంకులకు 1.05%, బంగారానికి 0.90%. కోరిలేషన్, అంటే రెండూ కలిసి కదిలే తీరు, నిఫ్టీకీ బ్యాంకులకూ మధ్య 0.85, బంగారానికి రెండింటితోనూ 0.05. వీటితో పోర్ట్‌ఫోలియో సిగ్మా ₹74,370 వచ్చింది, 99 శాతానికి వాడే 2.326తో గుణిస్తే పట్టికలోని 99 శాతం అంకె.

మామూలుగా 99 శాతం దగ్గర హిస్టారికల్ అంకే పెద్దదిగా ఉంటుంది. ఇక్కడ తిరగబడింది. కొంతవరకు కారణం ఒక్కరోజు: 4 జూన్ 2024, ఎన్నికల ఓట్ల లెక్కింపు. ఆ రోజు నిఫ్టీ 5.93 శాతం, బ్యాంక్ నిఫ్టీ దాదాపు 8 శాతం పడ్డాయి. ఈనాటి పెట్టుబడి మీద షేర్ల ఫండ్ల నష్టమే సుమారు ₹5.35 లక్షలు. మొత్తం వేరియన్స్‌లో, అంటే సిగ్మా వర్గంలో, పదో వంతు ఆ రోజుదే. దాన్ని తీసేస్తే పారామెట్రిక్ అంకె ₹1.64 లక్షలకు దిగుతుంది. హిస్టారికల్ పద్ధతికి మాత్రం అది అయిదింట్లో ఒక రోజు, అంతే. నష్టం 3 లక్షలైనా 8 లక్షలైనా అయిదో అంకె కదలదు. అందుకే ఆ అయిదు రోజుల సగటునూ చూశాం: ₹2.58 లక్షలు. ట్రస్టీలు గుర్తుపెట్టుకోవాల్సిన అంకె మా దృష్టిలో ఇదే.

బంగారం ఉందిగా అనే ధీమా కూడా కొంత తగ్గించుకోవాలి. 23 జూలై 2024 బడ్జెట్‌లో దిగుమతి సుంకం 15 నుంచి 6 శాతానికి తగ్గగానే ఇక్కడి బంగారం ధర ఒక్కసారిగా పడింది. 0.05 కోరిలేషన్‌లో అలాంటి దెబ్బ కనిపించదు.

నిఫ్టీలో మూడో వంతు బరువు ఎలాగూ ఆర్థిక రంగానిదే. దాని పైన మళ్లీ బ్యాంక్ ఫండ్ పెట్టడం ఒకే పందెం రెండుసార్లు కాయడమే. పైగా అక్టోబరులో ఖరీఫ్ వేరుశనగ కొనుగోళ్లకు మిల్లుకు డబ్బు కావాలి. బ్యాంక్ ఫండ్ నుంచి 10 లక్షలు లిక్విడ్ ఫండ్‌లోకి మార్చాలని మా సిఫారసు. అప్పుడు పారామెట్రిక్ 99 శాతం అంకె ₹1.51 లక్షలు అవుతుంది. పది రోజుల అంకె కోసం వర్గమూలం 10తో గుణిస్తే ఇప్పటి పెట్టుబడికి ₹5.47 లక్షలు వస్తుంది. అయితే పతనాలు వరసగా వచ్చే కాలంలో ఆ లెక్క తక్కువ చూపిస్తుంది కనుక దాన్ని హద్దుగా వాడలేదు.

తదుపరి లెక్క జూన్ చివర్లో. అప్పటికీ 4 జూన్ 2024 ఈ 500 రోజుల్లోనే ఉంటుంది.