నాన్నగారి సంవత్సరీకం ఈసారి ఇంట్లోనే

పెద్దనాన్నగారికి, అత్తయ్యకి, బాబాయిలకి, పిన్నులకి, అన్నయ్యలకి, వదినలకి నమస్కారం. ఒక్కొక్కరికీ ఫోన్ చేసి చెబితే తలా ఒక రకంగా చేరుతుందని గ్రూపులోనే పెడుతున్నాను.

నాన్నగారి తిథి వచ్చే నెల 14న పడింది. ఈసారి ఫంక్షన్ హాలు తీసుకోవడం లేదు, క్యాటరింగ్ చెప్పడం లేదు, బట్టలు పెట్టడం కూడా లేదు. కారణం డబ్బే. అమ్మ మోకాలి ఆపరేషన్‌కి ఇన్సూరెన్స్ వాళ్ళు ఇచ్చింది పోను మిగతాది మేం కట్టుకున్నాం. అది అయిందో లేదో పెద్దదాని కాలేజీ ఫీజు వచ్చింది. అప్పు చేస్తే పుడుతుంది, కానీ దీనికోసం చేయొద్దని అమ్మ, తమ్ముడు, నేను కూర్చుని అనుకున్నాం. ఇంట్లో ఏదో జరిగిపోయిందని మాత్రం ఎవరూ కంగారుపడకండి. ఉద్యోగాలున్నాయి, ఇల్లు బాగానే గడుస్తోంది. ఈ ఏడాదికి ఈ ఖర్చు పట్టదు, అంతే.

పొద్దున కార్యం మాత్రం ఎప్పటిలాగే పూర్తిగా జరుగుతుంది, అందులో ఏదీ తగ్గించడం లేదు. పంతులుగారితో మాట్లాడాం. మధ్యాహ్నం భోజనానికి పెద్దనాన్నగారు, అత్తయ్య, బాబాయిలు, పిన్నులు రావాలి. వంట మా ఇద్దరి ఇళ్ళవాళ్ళమే చేస్తాం. మిగతావాళ్ళు సాయంత్రం 5 తర్వాత ఎప్పుడైనా రండి, టీ తాగి కాసేపు కూర్చుందాం. దూరం నుంచి రావాల్సినవాళ్ళు సెలవు పెట్టి, టికెట్లు కొని ఇబ్బంది పడొద్దు. ఆ రోజు అమ్మకి ఒక ఫోన్ చేయండి, చాలు.

నాన్నగారి ఖర్చుల పుస్తకం ఈ మధ్య తిరగేశాను. ఒక ఏడాది తాతయ్య సంవత్సరీకం దగ్గర ‘ఇంట్లోనే. ఆరుగురం’ అని రాసి, కింద సరుకుల లెక్క వేసుకున్నారు. పక్క పేజీలో మా ఇద్దరి స్కూలు ఫీజు. ఆ ఏడాది తాతయ్యకి ఏదో తక్కువ చేశామని ఎవరైనా అన్నట్టు నాకు గుర్తు లేదు. అత్తయ్యకి గుర్తుంటే చెప్పాలి!

డబ్బు సర్దుతామని ఇప్పటికే ఇద్దరు ముగ్గురు అన్నారు. అంత మాట అన్నందుకు సంతోషం, కానీ తీసుకోం. నిజంగా అవసరం పడితే మొహమాటం లేకుండా మేమే అడుగుతాం. ఇంకో చిన్న మాట. అమ్మ దగ్గర ‘అయ్యో, ఈసారి కుదర్లేదా’ అని జాలిగా అనొద్దు. నిర్ణయం తనదే, కానీ నలుగురూ అదే మాట అడుగుతుంటే టెన్షన్ పడుతుంది. నాన్నగారి కబుర్లు చెప్పండి, ఆవిడకి అదే ఇష్టం.

వచ్చే ఏడాది ఎలా చేస్తామో అప్పటి వీలునుబట్టి చూద్దాం, ఇప్పుడే మాట ఇవ్వను.

భోజనానికి వచ్చేవాళ్ళు 10వ తేదీలోపు తమ్ముడికి చెప్పండి. పెద్దనాన్నగారిని తీసుకురావడానికి కారు నేనే తెస్తాను, పొద్దున 9కల్లా తయారుగా ఉండమనండి.