ఫైనల్ ఇయర్ పిల్లల అమ్మానాన్నలకు: ఆగస్టు 30, ఆదివారం ఒకసారి మా ఆఫీసుకు రండి

నమస్కారమండీ,

మీ అబ్బాయో అమ్మాయో బీటెక్ ఫైనల్ ఇయర్‌కి వచ్చారు. ఇంట్లో విదేశాల్లో ఎమ్మెస్ మాట ఇప్పటికే మొదలై ఉంటుంది. పిల్లలు ఫ్రెండ్స్‌తో కలిసి మా కన్సల్టెన్సీకి వస్తూనే ఉంటారు, జీఆర్‌ఈ పరీక్ష గురించీ యూనివర్సిటీల గురించీ అడిగి వెళ్తుంటారు. లోన్ కాగితాల మీద సంతకం పెట్టేది మాత్రం మీరు. అందుకే ఈసారి మిమ్మల్నే పిలుస్తున్నాం.

ఆగస్టు 30, ఆదివారం ఉదయం 10 గంటలకు, హన్మకొండ నక్కలగుట్టలోని మా ఆఫీసులో ఉచిత కౌన్సెలింగ్. మధ్యాహ్నం ఒంటిగంట దాకా అందరితో కలిపి మాట్లాడతాం. భోజనాలయ్యాక ఒక్కో కుటుంబంతో 20 నిమిషాలు విడిగా కూర్చుంటాం. ఫీజు లేదు, అడ్వాన్స్ తీసుకోం, ఆ రోజు ఏ కాగితం మీదా సంతకం అడగం.

పోయినేడాది ములుగు వైపు నుంచి ఒక రైతు పట్టాదారు పాసుపుస్తకం ప్లాస్టిక్ కవర్‌లో పెట్టుకుని వచ్చారు. "చదువు అయ్యేదాకా కట్టేది లేదంట కదా సార్?" అని అడిగారు. నిజమే, చదువు పూర్తయ్యేదాకా బ్యాంకు సాధారణంగా వాయిదాలు అడగదు. కానీ డబ్బు ఇచ్చిన రోజు నుంచే వడ్డీ నడుస్తుంది. 30 లక్షలు 11 శాతానికి తీసుకుంటే ఏడాదికి 3 లక్షల 30 వేలు, నెలకు 27,500. ఈ లెక్క కాగితం మీద వేసి ఇస్తే ఆయన దాన్నే చూస్తూ చాలాసేపు మాట్లాడలేదు. కొడుకును పంపడం మానలేదు. ఫీజు తక్కువున్న యూనివర్సిటీ చూసుకుని, లోన్ తగ్గించుకుని పంపారు. మీ ఇంటి లెక్క కూడా అలాగే మీ ముందే వేస్తాం.

ఒక మాట ముందే చెప్పాలి. కొన్ని యూనివర్సిటీలు మేం పంపిన విద్యార్థికి మాకు కమీషన్ ఇస్తాయి. ఏవి ఇస్తాయో, ఏవి ఇవ్వవో అడగండి, చెప్తాం. ఏ కన్సల్టెన్సీకి వెళ్లినా ఈ ప్రశ్న తప్పకుండా అడగండి.

అమెరికా గురించే ఎక్కువమంది అడుగుతారు. ఇప్పటి నిబంధనల ప్రకారం చదువయ్యాక ఓపీటీ కింద 12 నెలలు, సైన్స్, ఇంజినీరింగ్ లాంటి స్టెమ్ కోర్సు అయితే ఇంకో 24 నెలలు పని చేసుకోవచ్చు. అది పని చేయడానికి అనుమతి మాత్రమే, ఉద్యోగం గ్యారంటీ కాదు. "పార్ట్‌టైమ్ చేసి ఫీజు కట్టుకుంటాడులే" అనే లెక్క కూడా పెట్టుకోవద్దు. క్లాసులు జరిగే రోజుల్లో క్యాంపస్‌లో వారానికి 20 గంటలే చేయనిస్తారు. జర్మనీలో చాలా ప్రభుత్వ యూనివర్సిటీల్లో ట్యూషన్ ఫీజు ఉండదు. కానీ ఖర్చుల కోసం బ్లాక్డ్ అకౌంట్‌లో ఏడాదికి సరిపడా డబ్బు ముందే వేయాలి, మన మెమోలు అసలైనవేనని తేల్చే ఏపీఎస్ సర్టిఫికెట్ తెచ్చుకోవాలి. మీ పిల్లలకు ఏది సరిపోతుందో మార్కులు, బ్యాక్‌లాగ్స్, బడ్జెట్ చూశాకే చెప్పగలం. ఒక్కోసారి "రెండేళ్లు ఇక్కడ ఉద్యోగం చేశాక వెళ్లమనండి" అని కూడా చెప్తాం.

ఇంకోటి, బ్యాంకులో డబ్బు చూపిస్తాం, సర్టిఫికెట్లు తయారుచేసి ఇస్తాం అనేవాళ్ల దగ్గరికి దయచేసి వెళ్లొద్దు. వీసా కోసం అబద్ధం చెప్పారని తేలితే అమెరికా తలుపు జీవితాంతం మూసుకుపోవచ్చు. 2011లో వీసా మోసం బయటపడి కాలిఫోర్నియాలోని ట్రై వ్యాలీ యూనివర్సిటీ మూతపడినప్పుడు మన పిల్లలే ఎక్కువగా ఇరుక్కున్నారు. కొందరి కాళ్లకు ట్రాకర్లు కట్టారు. 2019లో, అమెరికా అధికారులే వల పన్ని నడిపిన ఫార్మింగ్టన్ అనే ఉత్తుత్తి యూనివర్సిటీ వ్యవహారంలోనూ మన తెలుగు పిల్లలు అరెస్టయ్యారు. అడ్మిషన్ సులువుగా వచ్చేసిందంటే సంతోషపడకముందే ఆ కాలేజీ గురించి నాలుగు చోట్ల ఆరా తీయాలి. ఎలా తీయాలో ఆ రోజు కంప్యూటర్ మీద చూపిస్తాం.

వచ్చేటప్పుడు ఇప్పటిదాకా వచ్చిన సెమిస్టర్ మెమోలు, టెన్త్ మెమో, పాస్‌పోర్ట్ ఉంటే అదీ తీసుకురండి. టెన్త్ మెమోలో ఇంటిపేరు ఒకలా, పాస్‌పోర్ట్‌లో ఇంకోలా ఉంటే ఇప్పుడే సరిచేయించుకోవాలి. వీసా టైమ్‌లో బయటపడితే అదో పెద్ద టెన్షన్. ఎస్సీ, ఎస్టీ, బీసీ, మైనారిటీ కుటుంబాలు కులం, ఆదాయం సర్టిఫికెట్లు కూడా తెండి. తెలంగాణ ప్రభుత్వ విదేశీ విద్యా పథకాల్లో 20 లక్షల దాకా సాయం ఉంది, అర్హత ఉందో లేదో చూసి చెప్తాం.

2027 ఫాల్‌కి, అంటే ఆ ఏడాది ఆగస్టు, సెప్టెంబర్‌లలో మొదలయ్యే క్లాసులకి, చాలా యూనివర్సిటీల దరఖాస్తు గడువులు డిసెంబర్ నుంచే మొదలవుతాయి. పరీక్షలు రాసి, రికమెండేషన్ లెటర్లు తీసుకోవడానికి ఈ నాలుగు నెలలే ఉన్నాయి.

కుర్చీలు 40 మాత్రమే. అమ్మ, నాన్న ఇద్దరూ వస్తే ఇంకా మంచిది, పిల్లలను తీసుకొచ్చినా సరే. ఆగస్టు 27 లోపు ఈ మెసేజ్‌కే మీ పేరు, పిల్లల బ్రాంచ్, ఎంతమంది వస్తున్నారో రాసి పంపండి. విడిగా మాట్లాడే టైమ్ మీకు తిరిగి మెసేజ్ చేస్తాం.

ఇట్లు,
సీనియర్ కౌన్సెలర్, పేరెంట్స్ కౌన్సెలింగ్ విభాగం
నక్కలగుట్ట, హన్మకొండ