ఒప్పందాల బాధ్యతల రిజిస్టరు, రెన్యువల్ క్యాలెండరు: 1 జులై 2026 – 30 జూన్ 2027

ఈ రిజిస్టరు గుంటూరులోని మన పచ్చళ్లు, కారం పొడుల తయారీ యూనిట్‌ది. నిరుడు లేబుళ్ల ముద్రణ ఒప్పందాన్ని ఆపేయాలని ముందే అనుకున్నా, నోటీసు తొమ్మిది రోజులు ఆలస్యంగా చేరడంతో మరో ఏడాది అదే ధరకు కట్టుబడవలసి వచ్చింది. అందువల్ల ఇకమీదట ముగింపు తేదీ ఒక్కటే రాస్తే చాలదు. నిర్ణయం తీసుకోవలసిన రోజు, నోటీసు పంపవలసిన రోజు, అది అవతలివారికి చేరి తీరవలసిన రోజు కూడా రాయాలి. నోటీసును స్పీడ్ పోస్టులోనూ ఈమెయిల్‌లోనూ పంపి, చేరినట్టు తెలిపే రుజువును సంబంధిత పేజీకే పిన్ చేయాలి. రాసే బాధ్యత అకౌంటెంటుది. ప్రతి నెలా 1న యజమాని చూసి సంతకం చేస్తారు.

1. సూపర్‌మార్కెట్‌కు సరఫరా. గడువు 30 సెప్టెంబరు 2026. ధర పెంచాలన్నా, మానుకోవాలన్నా 45 రోజుల ముందు నోటీసు చేరాలి. లేకుంటే పాత ధరకే మరో ఏడాది కొనసాగుతుంది. లెక్క ప్రకారం ఆఖరి రోజు ఆగస్టు 16, కానీ అది ఆదివారం, ముందురోజు స్వాతంత్ర్య దినోత్సవం. కాబట్టి మనకు ఆఖరి రోజు 14, శుక్రవారమే. మన బాధ్యత ఆర్డరు వచ్చిన ఐదు రోజుల్లో సరుకు పంపడం. వారి బాధ్యత 60 రోజుల్లో చెల్లించడమని ఒప్పందంలో ఉంది, అయితే ఉద్యం రిజిస్ట్రేషన్ ఉన్న మనలాంటి చిన్న తయారీదారుకు 2006 నాటి ఎంఎస్‌ఎంఈడీ చట్టం 15వ సెక్షన్ ప్రకారం 45 రోజులకు మించి గడువు పెట్టడం చెల్లదు. ఈ షరతును ఈసారి తప్పక సవరింపజేయాలి.

2. గోడౌన్ లీజు. రిజిస్టరైన మూడేళ్ల లీజు. గడువు 31 మార్చి 2027. ఖాళీ చేయదలిస్తే 90 రోజుల ముందు, అంటే 31 డిసెంబరు 2026 నాటికి నోటీసు గోడౌన్ యజమానికి చేరాలి. చేరకపోతే అద్దె 8 శాతం పెరిగి మరో ఏడాది సాగుతుంది. నెలనెలా 5లోగా రూ. 30,000 అద్దె కట్టాలి, ఖాళీ చేసేటప్పుడు సున్నం వేయించి, రూ. 1,80,000 అడ్వాన్సు తిరిగి తీసుకోవాలి.

3. గ్రైండరు, ప్యాకింగ్ మిషన్ల ఏఎంసీ. గడువు 30 జూన్ 2027. నోటీసు 30 రోజులు. అక్టోబరు, ఫిబ్రవరి సర్వీసులకు మనం అడిగితేనే వస్తారు.

క్యాలెండరు

2026 జులై 20: సరఫరా ధరపై నిర్ణయం.
ఆగస్టు 5: సరఫరా నోటీసు పోస్టులో వేయాలి, 14న చేరిందో లేదో ఫోన్ చేసి అడగాలి.
అక్టోబరు 5: మిషన్ల సర్వీసు అడగాలి.
నవంబరు 16: గోడౌన్ ఉంచుకోవాలా, వద్దా? కొత్త కారం మార్కెట్టుకు వచ్చే ముందే తేల్చాలి.
డిసెంబరు 15: గోడౌన్ నోటీసు పంపాలి.
2027 ఫిబ్రవరి 1: మిషన్ల సర్వీసు అడగాలి.
మే 3: ఏఎంసీపై నిర్ణయం. నోటీసు 17న పంపాలి, 31న చేరి ఉండాలి.