పెన్ను స్ప్రింగు

దుబాయిలోని సోనాపూర్ క్యాంపులో మల్లేశ్ ఉండే గదిలో ఎనిమిది మంచాలున్నాయి. జూన్ 11 సాయంత్రం అతడు సైటు బస్సు దిగి, స్నానాల గది ముందు వరుసలో నిలబడి తన వంతు ముగించుకొని వచ్చేసరికి ఆరున్నర దాటింది. ఏడున్నరకు ఇంటికి వీడియో కాల్ చేయాలి. కోరుట్ల దగ్గరి అతని ఊళ్లో అప్పటికి రాత్రి తొమ్మిదవుతుంది. ఐదో తరగతికి గురుకులంలో సీటు వచ్చిన కూతురు మరునాడు తెల్లవారకముందే బయలుదేరుతుంది. అక్కడ పిల్లల దగ్గర ఫోను ఉండనివ్వరు.

ఇయర్‌ఫోన్ పెట్టుకొని చూస్తే రెండు చెవుల్లోనూ ఏమీ వినిపించలేదు. పిన్ను దగ్గర తీగను వంచితే ఒక్క క్షణం గరగరమని ఆగిపోయింది. రాత్రి డ్యూటీకి తొమ్మిదింటికి వెళ్లవలసిన ముగ్గురు గదిలో ఇంకా నిద్రపోతున్నారు కనుక స్పీకరు పెట్టడం కుదరదు. వరండాలో ఏసీ యంత్రాల హోరు. పక్క మంచం అతని ఇయర్‌ఫోన్‌ది బల్లపరుపు పిన్ను, మల్లేశ్ పాత ఫోనులో పట్టదు. క్యాంపు దుకాణంలో ఉన్నవీ ఆ రకమే.

ఎదుటి గదిలో ఉండే అప్పారావు టెక్కలి వైపువాడు, ఎలక్ట్రీషియన్. అతడు అప్పుడే పళ్లెంలో అన్నం పెట్టుకున్నాడు.

“వినవస్తలేదన్నా. గంటల కాల్ చెయ్యాలె, బిడ్డ రేపు హాస్టల్‌కు పోతది.”

“ఏటైంది, ఇలా తే,” అని అప్పారావు పళ్లెం మీద మూత పెట్టాడు.

ముందుగా అతడు ఇయర్‌ఫోన్‌ను ముట్టుకోనే లేదు. ఫోను ఆపించి, దాని రంధ్రంలోకి టార్చి వేసి చూసి, పుల్లతో గోరంత నూలుపీచును, సిమెంటు దుమ్మును నెమ్మదిగా బయటికి లాగాడు. దానితోనే పని అయిపోతుందని మల్లేశ్ ఆశపడ్డాడు గాని, గరగర అలాగే ఉంది. అప్పుడు అప్పారావు మల్టీమీటరు తీసి తీగను అంగుళం అంగుళం వంచుతూ పరీక్షించి, పిన్నుకు అతి దగ్గరగా, రోజూ జేబులో మడతపడే చోట, తీగలు లోపలే తెగాయని తేల్చాడు. ఆ చోటును కోసేశాడు. పనికిరాని ఇయర్‌ఫోన్లు దాచుకున్న డబ్బాలోంచి ఒక పాత పిన్నును జానెడు తీగతో సహా తీశాడు.

లోపల వెంట్రుకలంత సన్నని తీగలు: ఎరుపు, ఆకుపచ్చ, నీలం, రాగి రంగు. మల్లేశ్ వాటిని బ్లేడుతో గీకబోతే అప్పారావు చేయి పట్టుకున్నాడు.

“గీకితే తెగిపోతాది తమ్ముడూ. ఆ రంగే పూత. అది కాలితే గాని టంకం అంటదు.”

వేడెక్కిన సోల్డరింగ్ ఐరన్ మొనపై టంకం బొట్టు కరిగించి, ఆ బొట్టులో ఒక్కొక్క కొసనూ ముంచి పట్టుకుంటే, సన్నని పొగతో రంగు పోయి కొస వెండిలా మెరిసింది. ఎరుపుకు ఎరుపు, ఆకుపచ్చకు ఆకుపచ్చ, ఇలా నాలుగూ అతికించి, ఒకదానికొకటి తగలకుండా టేపు చుట్టబోతూ అప్పారావు ఆగిపోయాడు. ఏడుంబావు అయింది.

“అరె, స్ప్రింగు మరిచిపోనాను.”

అతుకు దగ్గర మళ్లీ వంగకుండా పెన్ను స్ప్రింగును తొడగాలట. అది తీగలు కలపకముందే ఎక్కించవలసినది.

“వద్దన్నా, ఈ రాత్రికి పనిచేస్తే చాలు.”

“ఈ రాత్రికి పనిచేస్తాది. ఆ పిల్ల సెలవులకి ఇంటికొచ్చినప్పుడు మళ్లీ ఏటి చేస్తావు?”

ఒక్కొక్క అతుకునూ తిరిగి కరిగించి విడదీశాడు. శీతాకాలపు చలిలో కూడా చెమట పట్టించే పని అది. జూన్‌లో ఫ్యాను వేస్తే ఐరన్ చల్లారుతుందని దాన్నీ ఆపేశాడు. గడ్డం నుంచి కారే చెమటను భుజంతో తుడుచుకుంటూ స్ప్రింగు ఎక్కించి, నాలుగు తీగలనూ రెండోసారి అతికించాడు. మల్లేశ్ గడియారం చూడటం మానేసి టార్చి పట్టుకున్నాడు.

“మైకు చూడాలి. రికార్డరు పెట్టి ఏదైనా అను.”

ఏమనాలో తోచక మల్లేశ్, “బిడ్డా, అన్నం తిన్నవా?” అన్నాడు. తిరిగి వింటే ఆ మాట రెండు చెవుల్లోనూ స్పష్టంగా వినిపించింది. తన గొంతు ఇంత బొంగురుగా ఉంటుందని అతనికి అంతవరకు తెలియదు.

బోటిమ్‌లో కాల్ కలిసేసరికి ఏడు నలభై. కూతురు నిద్రపోకుండా రేకు పెట్టె ముందు కూర్చొని ఉంది. నానమ్మ లేస్తుందని గుసగుసగా, రెండు జతల బట్టలు, పళ్లెం, గ్లాసు, దుప్పటి అని ఒక్కొక్కటే తీసి చూపించసాగింది. మల్లేశ్ కూడా గుసగుసగానే ఊ కొట్టాడు.

“బాపూ, ఇనవస్తుందా?”

“మంచిగ ఇనవస్తుంది బిడ్డా. తాళంచెవి యాడ పెట్టుకున్నవు?”

ఆ పిల్ల మెడలోని నల్లదారం పైకి లాగి చూపించింది. గడపలో నిలబడిన అప్పారావు, తీగను లాగకుండా వదులుగా పట్టుకోమని చేత్తో సైగచేసి, చల్లారిన అన్నం మీది మూత తీయడానికి వెళ్లిపోయాడు.