రోగుల వివరాలు మన సొంత ఫోన్లలో వద్దు

వైద్యులు, నర్సింగ్, ల్యాబ్, రేడియాలజీ, ఫార్మసీ, బిల్లింగ్ సిబ్బంది అందరికీ,

నమస్కారం.

పోయిన వారం మెడికల్ వార్డులో ఉన్న ఒకాయన భార్య నా గదికి వచ్చారు. కూర్చోమన్నా కూర్చోలేదు. ఫోన్ తీసి ఒక ఫొటో చూపించారు. అది ఆమె భర్త హెచ్‌ఐవీ రిపోర్టు. పేరు, వయసు, ఐపీ నంబరు, మన లెటర్‌హెడ్ అన్నీ స్పష్టంగా ఉన్నాయి. డాక్టరుగారు వాళ్లిద్దరినీ కూర్చోబెట్టి చెప్పకముందే అది ఊళ్లో ఆమె ఆడపడుచుకు చేరింది.

ఆరా తీస్తే ఎవరూ కావాలని చేసింది కాదు. షిఫ్టు మారేటప్పుడు తర్వాతి నర్సుకు తెలియాలని వార్డు వాట్సాప్ గ్రూపులో పెట్టారు. ఆ గ్రూపులో ఉద్యోగం మానేసి వెళ్లినవాళ్లు ఇంకా నలుగురు ఉన్నారు. ఆమెకు క్షమాపణ చెప్పాను. కానీ చూసినవాళ్ల కళ్లలోంచి ఆ ఫొటోను ఎలా తీసేస్తాం?

రాత్రి రెండింటికి ఛాతీనొప్పితో కేసు వస్తే, ఇంట్లో ఉన్న కార్డియాలజిస్టుకు ఈసీజీ క్షణాల్లో చూపించాలనే మీ తొందర నాకు తెలుసు. దానివల్ల ప్రాణాలు నిలబడ్డాయి కూడా. ఇన్నాళ్లూ మీకు వేరే దారి చూపకపోవడం యాజమాన్యం తప్పే. అందుకే సోమవారం నుంచి క్యాజువాలిటీ, ఐసీయూ, లేబర్ రూములకు ఒక్కో ఆసుపత్రి ఫోన్ ఇస్తున్నాం. ఈసీజీ అయినా, ఎక్స్‌రే అయినా దాంతోనే ఫొటో తీసి మన రికార్డుల సాఫ్ట్‌వేర్‌లో ఎక్కించండి. కన్సల్టెంటుకు ఫోన్ చేసి ఐపీ నంబరు చెబితే చాలు, వారు తమ లాగిన్‌లో చూసుకుంటారు. సాఫ్ట్‌వేర్ మొరాయిస్తే ఈసీజీ ఫోన్లోనే చదివి వినిపించండి, వైద్యం మాత్రం ఆపొద్దు.

సొంత ఫోన్లో మాత్రం కేస్ షీటు, రిపోర్టు, గాయం ఫొటో, ఆధార్, ఆరోగ్యశ్రీ కార్డు ఏదీ ఉండకూడదు. పేరు కొట్టేసి పంపినా సరే, వద్దు. బెడ్ నంబరు, ఊరి పేరు చాలు మనిషిని గుర్తుపట్టడానికి. మీరు డిలీట్ చేసినా అవతలివాళ్ల గ్యాలరీలో, బ్యాకప్‌లో అది ఉండిపోతుంది. ఇంట్లో పిల్లలు గేమ్స్ ఆడేది కూడా అదే ఫోన్లో కదా.

రోగి సమ్మతి లేకుండా హెచ్‌ఐవీ వివరాలు బయటపెట్టడాన్ని 2017 నాటి హెచ్‌ఐవీ, ఎయిడ్స్ చట్టం నిషేధిస్తోంది. పోక్సో కేసుల్లో బిడ్డ ఎవరో తెలిసేలా చేయడమూ చట్టరీత్యా నిషిద్ధమే. గర్భస్రావం, మానసిక చికిత్స వివరాలకూ చట్టరక్షణ ఉంది. కేసు పెడితే ఫొటో పంపినవారి పేరు మీదే రావచ్చు.

శనివారం సాయంత్రంలోగా మీ ఫోన్లలో ఉన్నవాటిలో చికిత్సకు అవసరమైనవి కేస్ షీటులో చేరాయో లేదో చూసుకుని, ఆ తర్వాతే తీసేయండి. వార్డు గ్రూపులు డ్యూటీ రోస్టరుకు వాడుకోవచ్చు. మానేసినవారిని గ్రూపు అడ్మిన్లు ఈరోజే తొలగించాలి. ఇప్పటికే ఏదైనా బయటికి పోయి ఉంటే దాచకుండా నాకు చెప్పండి. శనివారంలోగా తమంతట తాము వచ్చి చెప్పినవారిపై మెమో ఉండదని మాట ఇస్తున్నాను. ఆ తర్వాత కూడా కొనసాగితే క్రమశిక్షణ చర్య తప్పదు.

సందేహాలుంటే ఇంటర్‌కమ్‌లో పిలవండి, రాత్రి డ్యూటీవారు ఉదయం ఏడింటికి నన్ను క్యాజువాలిటీ దగ్గరే కలవవచ్చు.

ఇట్లు,
ఆసుపత్రి అడ్మినిస్ట్రేటర్