మీ స్వీయ మదింపు నివేదిక: లోపాలు, కావాల్సిన ఆధారాలు

ప్రిన్సిపాల్ గారూ, నమస్తే. సీబీఎస్ఈ నాణ్యతా ప్రమాణాల్లోని ఏడు విభాగాలకీ మీరు రాసింది రెండుసార్లు చదివాను. మౌలిక వసతులకి ఫైర్ ఎన్‌ఓసీ, నీటి పరీక్ష కాగితాలు ఉన్నాయి, సరిపోతుంది.

చిక్కంతా బోధన దగ్గరే. పై స్థాయి వేసుకున్నారు గానీ, జతచేసిన ఎనిమిదో తరగతి సైన్స్ లెసన్ ప్లాన్లు మూడింటి మీదా ఒకే తేదీ ఉంది, ఏ పాఠం పిల్లలకి అర్థం కాలేదో, మళ్లీ ఎలా చెప్పారో ఒక్క ముక్క లేదు. తరగతి పరిశీలన రిజిస్టరు, దిద్దిన నోటుబుక్కులు ఓ ఆరు పంపండి, అవి లేకపోతే స్థాయి ఒక మెట్టు దించి రాయండి, అందులో తప్పేం లేదు.

టీచర్లందరికీ ఏడాదికి 50 గంటల శిక్షణ పూర్తయిందన్నారు, సర్టిఫికెట్లు కూడితే ఇద్దరికి 32 గంటలే వస్తున్నాయి.

సమ్మిళిత విద్యకి ర్యాంపు ఫొటో ఒక్కటే పెట్టారు. వీల్‌చైర్‌లో వచ్చే ఆ ఏడో తరగతి పాప మేడ మీది ల్యాబ్‌కి ఎలా వెళ్తోంది? అన్నిటికంటే ముందు దానికి జవాబు రాయండి.

తల్లిదండ్రుల సర్వేలో గజపతినగరం వైపు నుంచి బస్సులో వచ్చే పిల్లల ఇళ్లవి ఒక్క ఫారం కూడా లేదు, తెలుగులో అచ్చువేసి పంపించండి. శుక్రవారంలోగా ఇవి అందితే సోమవారం విజయనగరంలో కూర్చుని చూద్దాం.